మూడింటికీ టిక్కు ఉన్న వరస

లత: నమస్తే. చెప్పినట్టే ఈ వారం చిన్న ఆఫీసుకి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఎంచుకునే పట్టిక. పైన మూడు సాఫ్ట్‌వేర్లు, ఎడమ పక్కన 24 ఫీచర్లు, గడుల్లో టిక్కులూ ఇంటూ మార్కులూ. మూర్తిగారూ, మూసేసిన నెల పద్దులు మారకుండా వేసే తాళం సంగతి చివర్లో.

మూర్తి: చివర్లోనే. ముందు బ్యాంకు వరస, అంటే బ్యాంకు స్టేట్‌మెంట్‌ని మన పద్దులతో సరిచూసుకునేది.

లత: మూడింటికీ టిక్కే కదండీ. దాటేద్దాం.

మూర్తి: ఆగాల్సింది అక్కడేనమ్మా. అమ్మేవాళ్ళు 'బ్యాంక్ రికన్సిలియేషన్' అని టిక్కు పెడితే, ఒక్కోసారి స్టేట్‌మెంట్ ఫైలు లోపలికి వెళ్తుందన్నంత వరకే. వెళ్ళాక పద్దులతో ఎలా జతపడుతుందో ఆ టిక్కు చెప్పదు. ఒక కస్టమర్‌కి మూడు బిల్లులున్నాయనుకో. 4,000, 3,500, 2,500. మొత్తం 10,000 ఒకేసారి పంపాడు. బ్యాంకు 300 ఛార్జీ కోసుకుని 9,700 జమ చేసింది. స్టేట్‌మెంట్‌లో కనిపించేది ఒకే లైను.

లత: 9,700 బిల్లంటూ ఏదీ లేదు.

మూర్తి: అదే. ఒక లైనుకి ఒక బిల్లునే జతచేసే సాఫ్ట్‌వేర్ అయితే అక్కడ చేతులెత్తేస్తుంది. దానికి ఇంటూ మార్కే. పద్దులు రాసే మనిషి ఏం చేస్తాడు? చేత్తో మొదటి రెండు బిల్లులూ పూర్తిగా మూసి, మూడోదానికి 2,200 కట్టేస్తాడు. ఇక 300 ఆ కస్టమర్ పేరు మీద బాకీగా వేలాడుతుంది, ఖర్చుల్లో బ్యాంకు ఛార్జీ కనపడదు. పూర్తిగా కట్టినవాడికి బాకీ ఉందని ఉత్తరం వెళ్తుంది! రావలసిన బాకీల జాబితాలో ఇలాంటి చిల్లర మొత్తాలు పేరుకుంటున్నాయంటే ముందు చూడాల్సింది ఇక్కడే.

లత: నేనొప్పుకోను. డబ్బు మధ్యలో కాసేపు నిలిపి చూపించే క్లియరింగ్ ఖాతా ఒకటి తెరిచి, అందులో 10,000 వసూలు చూపించి, 9,700 బ్యాంకుకీ 300 ఛార్జీలకీ పంపేస్తే లెక్క సరిపోతుంది. దానికి ఇంటూ మార్కు అన్యాయం.

మూర్తి: లెక్క సరిపోతుంది. కానీ ఒక్క జమకి మూడు ఎంట్రీలు.

లత: నెలకి రెండుసార్లయితే ఏం కష్టమండీ?

మూర్తి: రోజుకి రెండుసార్లయితే?

లత: ...అప్పుడు ఇంటూనే. సరే, అయితే ముందు గత మూడు నెలల స్టేట్‌మెంట్లు తీసి, ఇలాంటి జమలు ఎన్నొచ్చాయో లెక్కపెట్టాలి. వేళ్ళ మీద లెక్కపెట్టగలిగితే సగం టిక్కు, లేకపోతే ఇంటూ.

మూర్తి: ఆ మాట బాగుంది. గడిలో గుర్తు పక్కన 'ఒకే తెరలో' అనో 'మూడు ఎంట్రీలు' అనో రాసుకోవాలి. ట్రయల్‌లో మనమే చేసి చూడని గడిలో ప్రశ్నార్థకం తప్ప ఏమీ పెట్టకూడదు.

లత: ట్రయల్‌కి ఏ ఫైలు?

మూర్తి: సొంతంగా పది లైన్ల ఫైలు చాలు. ఈ 9,700 లైను ఒకటి. 03/04 తేదీతో ఒకటి, 25/04 తో ఒకటి. తేదీలో రోజునీ నెలనీ తారుమారుగా చదివే సాఫ్ట్‌వేర్ 25ని నెలగా తీసుకోలేక తిప్పికొడుతుంది, మనకి తెలుస్తుంది. 03/04ని మాత్రం చప్పుడు చేయకుండా మార్చి నెలలో పడేస్తుంది. ఆ తర్వాత అదే ఫైలు రెండోసారి ఎక్కించాలి. పది లైన్లు ఇరవై అయితే ఇంటూ.

లత: మొదటి వారం ఫైలూ, నెలాఖర్న మొత్తం నెల ఫైలూ ఎక్కిస్తే అదే జరుగుతుంది. మొదటి వారం లైన్లు రెండేసి అవుతాయి.

మూర్తి: అవును. ఇక తాళం.

లత: వచ్చేసింది!

మూర్తి: వినమ్మా, ఇదీ బ్యాంకు వరసే. ఏప్రిల్ లెక్క కలిపి నెల మూసేశాక, ఆ 9,700 రసీదుని 9,600గా మార్చి చూడాలి. మారనివ్వకపోతే టిక్కు. ఎవరు ఎప్పుడు మార్చారో రాసిపెట్టి మారనిస్తే సగం. మాట్లాడకుండా మారనిచ్చిందా, మే నెల లెక్క 100 తేడాతో మొదలవుతుంది. అందరూ మే ఎంట్రీల్లో వెతుకుతూ కూర్చుంటారు, తప్పేమో ఏప్రిల్‌లో ఉంటుంది.

లత: అయితే మొత్తం టిక్కులు కూడి 22 వచ్చినది, 17 వచ్చినదాని కన్నా మేలని అనలేం.

మూర్తి: అనకూడదు. మనకి తప్పనిసరైన నాలుగైదు వరసలు పైకి తెచ్చి, గీత గియ్యాలి. గీత పైన ఒక్క ఇంటూ ఉన్నా ఆ నిలువు వరస కొట్టెయ్యడమే. కూడిక గీత కిందే.

లత: జీతాలూ సరుకు నిల్వా ఆ ఆఫీసుకి అక్కర్లేకపోతే ఆ వరసలే తీసేయొచ్చు. ఇంకేం మిగిలాయి... ధర. ఆ టిక్కు ఏ ప్లాన్‌లో ఉందో కూడా గడిలో రాయండి, పై ప్లాన్‌లో మాత్రమే దొరికేవి ఉంటాయి.

మూర్తి: తాళం కూడా ఏ ప్లాన్‌లో ఉందో చూడాలి.

లత: టైమైపోయిందండీ, మన పద్దులు సాఫ్ట్‌వేర్‌లోంచి బయటికి తీసుకునే ఎక్స్‌పోర్ట్ వరస ముట్టుకోనేలేదు.

మూర్తి: అది పైకి తేవాల్సిన వరస. బిల్లులు ఏ రసీదుకి జతపడ్డాయో కూడా బయటికి రావాలి, ఉత్త బాకీలొస్తే—

లత: వచ్చే వారం, వచ్చే వారం.