ఓపెన్ డైస్: ఏ బొమ్మ మడిస్తే ఘనం అవుతుంది?

అందరికీ నమస్కారం. రీజనింగ్ పేపర్లో ఓపెన్ డైస్ బొమ్మ కనిపించగానే మనోళ్లు చాలామంది గుర్తుపెట్టుకున్న లిస్ట్ తీస్తారు. ఆరు గళ్లు అంచుకి అంచు అతికిస్తే మొత్తం 35 ఆకారాలొస్తాయి, తిప్పినవీ బోర్లించినవీ ఒకటే అనుకుంటే, వాటిలో ఘనంగా మడతపడేవి 11 మాత్రమే. ఆ 11 బట్టీ పట్టండి అని చెప్పేవాళ్లున్నారు, నాకైతే అది నచ్చదు, ఎందుకంటే బొమ్మని కాస్త తిప్పి ఇచ్చారంటే బట్టీ అంతా గల్లంతే.

దానికి బదులు ఎదురెదురు ముఖాలు వెతకండి. ఒకే వరసలో మధ్యలో ఒక గడి వదిలేసి ఉన్న రెండు గళ్లూ మడిచాక ఎదురెదురుగా వస్తాయి. ఘనంలో ఏ ముఖానికైనా ఎదురు ముఖం ఒక్కటే కదా, ఇద్దరు వచ్చి కూర్చుంటే ఆ బొమ్మ తప్పు.

ఇప్పుడు బోర్డు చూడండి. 1, 2, 3, 4 అడ్డంగా ఒక వరస, 4 కింద 5, దాని కింద 6. ఐదు గళ్లు వరసగా లేవు, నాలుగు గళ్లు కలిసిన చదరం కూడా లేదు, అంటే మామూలుగా చెప్పే రెండు రూల్స్ పాసైపోయింది. కానీ అడ్డంగా చూస్తే 4కి ఎదురు 2, నిలువుగా చూస్తే 4కి ఎదురు 6. అంతే, 6 వెళ్లి 2 మీద పడుతుంది, 5కి ఎదురుగా ఉండాల్సిన వైపు ఖాళీగా తెరుచుకునే ఉంటుంది. అదే 6ని తీసి వరసకి పైవైపు 1 మీదో 2 మీదో 3 మీదో 4 మీదో ఎక్కడ పెట్టినా పెట్టె మూసుకుంటుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 5ని 1 కింద, 6ని 4 కింద పెట్టారనుకోండి, 1-3, 2-4 జతలు సరిపోయాయి, మిగిలినవి 5, 6 కాబట్టి అవే జత అని టిక్ పెట్టేస్తారు. కాదండీ, రెండూ వరసకి ఒకే వైపున్నాయి, మడిస్తే ఒకదాని మీద ఒకటి పడతాయి. మిగిలిన జత నిజంగా ఎదురెదురుగా వస్తుందో లేదో మడిచి చూసుకోవాల్సిందే.

అలా చూసుకోవాల్సిందే ఇంకోటి, మెట్ల బొమ్మ: పైన 1, 2, 3, ఆ 3 కింద 4, దాని పక్కనే కుడికి 5, 6. వంకరగా ఉంది కదా అని చూడగానే కొట్టేస్తారు పాపం. 1-3 ఎదురు, 4-6 ఎదురు, మిగిలినవి 2, 5. 3ని అడుగున పెట్టండి, 2 ఎడమ గోడ, 1 పైకప్పు, 4 మీ ముందు గోడ, 4కి కుడివైపు అతుక్కున్న 5 లోపలికి తిరిగి కుడి గోడ అవుతుంది, 6 వెనక గోడ. ఆరూ ఆరు చోట్ల కూర్చున్నాయి, ఇది మడతపడుతుంది.