పిట్స్‌బర్గ్ పెళ్ళి రిసెప్షన్‌లో నా రెండు లైన్ల టోస్ట్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? మా అమ్మ రోజూ అడుగుతోంది, "అమెరికా వాళ్ళ పెళ్ళి వీడియో తియ్యవే, మీ పిన్నివాళ్ళకి చూపిస్తాను" అని. కానీ పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ మా మొహాలు యూట్యూబ్‌లో వద్దన్నారు. వాళ్ళ పేర్లు కూడా చెప్పను. హాలు, భోజనాల బల్లలు, నా చీర, నా టెన్షన్ మాత్రం చూపిస్తాను.

ఇక్కడ రిసెప్షన్ అంటే స్టేజి ఎక్కి, కవరిచ్చి, ఫొటో దిగి బఫేకి వెళ్ళిపోవడం కాదు. ఎవరి కుర్చీ మీద వాళ్ళ పేరు చీటీ ఉంటుంది. చికెనా, చేపా, వెజ్జా అని శుభలేఖతోపాటే కార్డు పంపి ముందే రాయించుకుంటారు. భోజనాల దగ్గర పెళ్ళికొడుకు తరఫున బెస్ట్ మ్యాన్, పెళ్ళికూతురు తరఫున మెయిడ్ ఆఫ్ ఆనర్ మైకు పట్టుకుని నాలుగు మాటలు చెప్పి గ్లాసెత్తుతారు. దాన్నే టోస్ట్ అంటారు. మామూలుగా మిగతా స్నేహితులు మాట్లాడేది ముందురోజు రాత్రి జరిగే రిహార్సల్ డిన్నర్‌లో. నన్ను మాత్రం పెళ్ళికూతురు, "వాళ్ళిద్దరూ అయ్యాక నువ్వూ రెండే రెండు లైన్లు చెప్పాలి" అంది. కాదంటే బాగుండదు కదండీ.

మా తమ్ముడికి చెబితే గుంటూరు నుంచి వాట్సాప్‌లో పేజీన్నర పంపాడు. "ఆన్ దిస్ ఆస్పిషియస్ అకేషన్" అని మొదలైంది, "విషింగ్ యు ఎ వెరీ హ్యాపీ అండ్ ప్రాస్పరస్ మ్యారీడ్ లైఫ్" అని ముగిసింది. మన కవర్ల మీద బాగానే ఉంటుంది. అక్కడ మైకులో చదివితే బ్యాంకు మేనేజరు రిటైర్మెంట్ సభలా ఉంటుంది. పైగా "విషింగ్", "వెరీ" పక్కపక్కన వస్తే మనకి కష్టం. ఒకదానికి పెదాలు గుండ్రంగా చుట్టాలి, ఇంకోదానికి పైపళ్ళు కింది పెదవికి ఆనాలి. మనం రెండింటికీ ఒకే వ వాడేస్తాం. ఆఫీసులో ఏమీ అనుకోరు గానీ, చేతులు వణుకుతుంటే మైకు ముందు ఈ సర్కస్ ఎందుకు?

అందుకని అలాంటి మాటలు చాలావరకు తీసేశాను. "వెడ్డింగ్", "వండర్‌ఫుల్", "విష్", "లవ్" ఏవీ లేవు. వాళ్ళిద్దరూ నాకు చేసిన ఒక్క సంగతి మొదటి లైన్లో పెట్టాను. వాళ్ళకి నేను కోరుకునేది రెండో లైన్లో, దాని చివర గ్లాసెత్తే మాట. చివరికి ఇలా తేలింది:

"ఐ కేమ్ టు పిట్స్‌బర్గ్ అలోన్, అండ్ యు టూ గేవ్ మీ ఎ సీట్ ఎట్ యువర్ టేబుల్.
మే యువర్ టేబుల్ బి ఫుల్, అండ్ యువర్ డేస్ బి లాంగ్. టు ద బ్రైడ్ అండ్ గ్రూమ్!"

మొత్తం ముప్ఫై మాటలు. నిదానంగా చెప్పినా అర నిమిషం దాటదు. జాగ్రత్త పడాల్సినవి కొన్ని ఉన్నాయి. "అలోన్"లో "లోన్" మీద బరువు పడాలి, ముందున్న "అ" తేలిగ్గా పోవాలి. "టేబుల్", "ఫుల్" అన్నచోట చివర ఉ కలపకుండా ఆపాలి. మనకి "ఫుల్లు" అనే వస్తుంది చూడండి, అది. "అలోన్" తర్వాత ఒక ఊపిరి, "టేబుల్" తర్వాత ఇంకొంచెం పెద్ద ఊపిరి. రాసుకున్న చీటీలో అక్కడ గీతలు పెట్టుకున్నాను.

అమ్మకి ఫోన్లో వినిపించాను. అంతా విని, "అలోన్ అన్నావేంటే? మేమంతా లేమా?" అంది. ఏం చెప్పను? ఎమ్మెస్‌కి వచ్చిన ఏడాది నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ పండగకి యూనివర్సిటీ ఖాళీ అయిపోయింది. రూమ్మేట్లు డల్లాస్ వెళ్ళిపోయారు, బయట చలి, బస్సులు తక్కువ. ఈ పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ వచ్చి కారులో అమ్మాయి వాళ్ళింటికి తీసుకెళ్ళారు. మాంసం తిననని తెలిసి వాళ్ళమ్మగారు నాకోసం వేరే గిన్నెలో బంగాళాదుంపలు చేసి పెట్టారు. అప్పుడు అమ్మకి "ఫ్రెండ్స్‌తో బాగా ఎంజాయ్ చేస్తున్నా" అని చెప్పాను. ఆ "అలోన్" తీసేసి "యాజ్ ఎ స్టూడెంట్" పెడదామా అనుకున్నాను గానీ, తియ్యలేదు.

సరే, హాల్లోకి వద్దాం. ఇంగ్లీషు సినిమాల్లో చెంచాతో గ్లాసు మీద టింగుటింగుమని కొట్టి అందరి దృష్టీ తిప్పుకుంటారు కదా, అది మాత్రం చెయ్యకండి. ఇక్కడి రిసెప్షన్లలో గ్లాసు మోగితే కొత్త జంట ముద్దు పెట్టుకోవాలని అర్థం! ఒకరు మొదలెడితే హాలంతా మోగిస్తుంది. మనల్ని డీజే పిలిచి మైకు చేతికిస్తాడు. కుడిచేతిలో మైకు, ఎడమచేతిలో గ్లాసు. మొదట్నుంచీ గ్లాసు పైకెత్తి నిలబడితే చెయ్యి లాగుతుంది, "టు ద బ్రైడ్" అన్నప్పుడే ఎత్తాలి. అందరూ "చీర్స్" అని ఒక గుక్క తాగుతారు. ఎవరికోసం చెబుతున్నామో వాళ్ళు మాత్రం ఆ గుక్క తాగకూడదు, నవ్వుతూ కూర్చోవాలి. షాంపేన్ తాగనివాళ్ళకి స్పార్క్లింగ్ ఆపిల్ జ్యూస్ పోస్తారు, నాది అదే. నీళ్ళతో మాత్రం ఎత్తకూడదని కొందరి పట్టింపు.

చెప్పేశాను. "సీట్ ఎట్ యువర్ టేబుల్" దగ్గర వాళ్ళమ్మగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అది చూసి నాకు గొంతు పట్టేసింది. చీటీలో ఆ గీత ఉంది కాబట్టి కావాలనే ఆగినట్టు కనిపించింది, బతికిపోయాను.

గిఫ్ట్ సంగతి అడుగుతారు మీరు, తెలుసు. వాళ్ళే ఆన్‌లైన్లో ఏమేం కావాలో జాబితా పెడతారు, మనం అందులోంచి ఎంచుకోవాలి. మందపాటి ఇనప గిన్నె ఒకటి కొన్నాం, 80 డాలర్లు. డాలరుకి 90 రూపాయలనుకుంటే 7,200. మా ఆయన "మన దగ్గరైతే వెయ్యినూటపదహార్లతో అయిపోయేది" అని దారంతా లెక్క వేస్తూనే ఉన్నాడు.

ఆ లెక్కంతా కుకీ టేబుల్ చూశాక మర్చిపోయాడు. పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల ఇదొక ముచ్చట. కేక్ కాక, బంధువులు ఇళ్ళల్లో డజన్లకొద్దీ చేసి తెచ్చిన కుకీలతో ఒక పొడుగాటి బల్ల నింపుతారు, అచ్చం మన సారె లాగానే. సోంపు వాసనొచ్చే పల్చటి పిజ్జెల్లు, కర్రముక్కల చుట్టూ చుట్టి కాల్చి లోపల క్రీము నింపే లేడీ లాక్‌లు, నట్ రోల్స్. ఇంటికి తీసుకెళ్ళడానికి ఖాళీ డబ్బాలు కూడా పక్కనే పెడతారు. వీటిలో చాలావాటికి గుడ్డు పడుతుంది, తినని వాళ్ళు అడిగి తీసుకోండి.

ఆ రెండు లైన్లు మీరూ వాడుకోవచ్చు. పిట్స్‌బర్గ్ తీసేసి మీ ఊరి పేరు పెట్టుకోండి. నోరు తిరగకపోతే "దిస్ టౌన్" అనండి చాలు. మసాచుసెట్స్‌లో Worcester అని రాసి వుస్టర్ అనే ఊరొకటుంది, అక్కడుండేవాళ్ళు తప్పకుండా "దిస్ టౌన్" అనండి. ఉంటానండీ, మా ఆయన డబ్బా మూత తీసిన చప్పుడు వినిపిస్తోంది, లేడీ లాక్‌లు రెండే మిగిలాయి.