చర్చావేదిక: దున్నడం మానేస్తే కర్బనం పెరుగుతుందా, గడ్డి ఎవరికి?

యాంకర్: నమస్కారం. వరి కోతలయ్యాయి, చేలల్లో పొగ మళ్లీ మొదలైంది. ఇంకోపక్క ‘గడ్డి తగలబెట్టొద్దు, దున్నొద్దు, నేలలో కర్బనం పెరిగితే దానికి కార్బన్ డబ్బులిస్తాం’ అంటూ కంపెనీలు ఊళ్లకొస్తున్నాయి. ఈ రోజు అందరికీ సమానంగా సమయం ఇస్తాను. తెనాలి వైపు రైతుగారూ, దున్నకుండా మొక్కజొన్న వేస్తున్నారు కదా, ఎకరాకి ఎంత మిగులుతోంది?

రైతు: మినుముకి పల్లాకు తెగులొచ్చి విసిగిపోయాక మొక్కజొన్నలోకి దిగామండీ. వరి కోసేసరికి చేలో పదునుంటుంది. దున్నామంటే ఆ పదును పోతుంది, అదును కూడా దాటిపోతుంది. అందుకే తాడు పట్టి, కర్రతో పొడిచి గింజ వేసేస్తాం. ట్రాక్టరు ఖర్చే లేదు. నేల కూడా బాగుపడింది, నా మాట రాసుకోండి!

శాస్త్రవేత్త: ఖర్చు, అదును కలిసొస్తాయి, కాదనను. నేల సంగతి వేరు. మీరు ఏటా సార్వాకి దమ్ము చేస్తారా?

రైతు: చెయ్యకపోతే నాట్లెలా పడతాయమ్మా?

శాస్త్రవేత్త: అక్కడే ఉంది చిక్కు. దమ్ములో మట్టి కట్టు విడిపోయి బురదవుతుంది, జానెడు లోపలే గట్టిపొర పడుతుంది. మొక్కజొన్న ఉన్న నాలుగు నెలల్లో వేళ్లూ సూక్ష్మజీవుల జిగురూ కలిపి కట్టినదంతా మళ్లీ దమ్ములో...

రైతు: నా చేలో వానపాములున్నాయమ్మా! చెయ్యి పెడితే చాలు...

శాస్త్రవేత్త: ఉంటే మంచిదే. ఒక పని చెయ్యండి. ఎండిన మట్టిబెడ్డ ఒకటి గాజుగ్లాసు నీళ్లలో మెల్లగా వదలండి. నిమిషంలో పొడైపోతే కట్టు లేనట్టే. గట్టు మీద ఎప్పుడూ దున్నని చోటి బెడ్డని పక్కన పెట్టి చూస్తే తేడా కనిపిస్తుంది.

యాంకర్: గ్లాసు సంగతి సరే మేడం, రైతు ఖాతాలో ఎంత పడుతుంది?

కంపెనీ ప్రతినిధి: 30 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి నమూనాలు తీసి...

రైతు: ముందు గడ్డి సంగతి చెప్పండి! గడ్డి చేలో వదిలేయమంటారు. నా గేదెలు ఏం తింటాయి? పైగా గడ్డి ఉంటే ఎలుకలు!

యాంకర్: ఎలుకలా! అది పెద్ద సమస్యే.

శాస్త్రవేత్త: ఆయన అడిగింది నిజమైన ప్రశ్న. దున్నడం మానేసి గడ్డి కూడా ఎత్తుకుపోతే నేలకి మిగిలేది తక్కువ. తెలంగాణ ఎర్ర చెలకల్లో అయితే మరీ నష్టం. కప్పు లేని నేల మీద వానచినుకు పడి పైన పెచ్చు కడుతుంది, నీరు ఇంకక జారిపోతుంది. అలాంటి చోట దున్నడమే నయమనిపిస్తుంది.

యాంకర్: అంటే దున్నమంటున్నారా?

శాస్త్రవేత్త: కాదండీ, గడ్డి ఉంచమంటున్నా. ఇప్పుడు డబ్బుల లెక్క. ఎకరానికి 2 టన్నుల గడ్డి వదిలారనుకోండి. అందులో కర్బనం దాదాపు 800 కిలోలు. ఎక్కువ భాగం కుళ్లి గాలిలో కలుస్తుంది, నేలలో నిలిచేది సుమారు 100 కిలోలు. ఎకరంలో 30 సెంటీమీటర్ల మట్టి బరువు దాదాపు 1,700 టన్నులు. భూసార పరీక్షలో కర్బనం 0.5 శాతం ఉంటే, ఏడాదికి అది 0.506 శాతం అవుతుంది, అంతే. ఆ తేడా ల్యాబ్ పరీక్షకి అందదు.

యాంకర్: డబ్బులు రావా మరి?

కంపెనీ ప్రతినిధి: మా లెక్క పదేళ్లకి...

శాస్త్రవేత్త: పదేళ్లయినా జాగ్రత్త. దున్నని చేలో కర్బనం పై 10 సెంటీమీటర్లలోనే పోగవుతుంది, కింద తగ్గినా తగ్గవచ్చు. పైపైన తవ్వి చూస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. ఇంకోటి, దున్నని నేల తొలి ఏళ్లలో బిగుసుకుంటుంది. ఘనపు సెంటీమీటరు మట్టి 1.35 గ్రాముల నుంచి 1.5 అయితే, శాతం మారకపోయినా అదే లోతులో కర్బనం 11 శాతం పెరిగినట్టు లెక్క చూపిస్తుంది. పెరిగింది కర్బనం కాదు, మీరు తూచిన మట్టి!

రైతు: తూకాలు మాకొద్దమ్మా! పదిహేనేళ్లుగా నా చేను నాకు తెలుసు. దున్నొద్దు, దున్నొద్దు, అంతే!

యాంకర్: అద్భుతం! అనుభవం మాట్లాడుతోంది.

శాస్త్రవేత్త: ఆయన చేలో దమ్ము ఆగలేదు కదా, నేను అడిగిందల్లా...

రైతు: దమ్ము నా ఇష్టమమ్మా. గేదెల సంగతి తేల్చండి ముందు!

యాంకర్: సమయం అయిపోయింది. రైతుగారూ, చివరిగా ఒక్క మాట, ఎకరాకి ఎంత మిగిలిందో చెప్పనేలేదు...