రెండు పెట్టుబడులు కలిపితే రిస్క్ ఎంత? కోరిలేషన్‌తో లెక్క

[దృశ్యం: గుంటూరు మిర్చి యార్డు, వరసగా పేర్చిన టిక్కీలు]

వాయిస్: ఒక వ్యాపారి కోల్డ్ స్టోరేజీలో సగం తేజ, సగం 334 రకం మిర్చి పెట్టాడనుకోండి. రకాలు రెండు కాబట్టి రిస్క్ తగ్గిందని ఆయన ధీమా. అయితే ఎగుమతి ఆర్డర్లు తగ్గినా, కొత్త పంట ముంచుకొచ్చినా రెండింటి ధరా దాదాపు కలిసే పడుతుంది. రకాలు ఎన్నున్నాయని కాదు, అవి ఎంతవరకు కలిసి కదులుతాయని చూడాలి. దాన్ని కొలిచే అంకే కోరిలేషన్. అది మైనస్ 1 నుంచి ప్లస్ 1 వరకు ఉంటుంది.

[దృశ్యం: వ్యాఖ్యాత, పక్కన వైట్‌బోర్డు]

ఇప్పుడు బ్రాడీపేటలో ఒక కుటుంబం దగ్గర 10 లక్షలున్నాయి అనుకుందాం. 6 లక్షలు ఈక్విటీ ఇండెక్స్ ఫండ్‌లో, 4 లక్షలు గోల్డ్ ఈటీఎఫ్‌లో పెట్టారు. ఈక్విటీకి ఏడాదికి 12 శాతం రాబడి, 20 శాతం స్టాండర్డ్ డీవియేషన్, అంటే రాబడి తన సగటు చుట్టూ ఎంత ఊగుతుందో చెప్పే కొలత. బంగారానికి 8 శాతం రాబడి, 15 శాతం డీవియేషన్. ఇవి లెక్క కోసం నేను వేసుకున్న అంకెలు, హామీలు కావు.

రాబడి లెక్క రెండు ముక్కల్లో అయిపోతుంది.

[తెరపై]
```
0.6 × 12 + 0.4 × 8 = 10.4
```

అంటే ఏడాదికి సగటున లక్షా నాలుగు వేలు. కోరిలేషన్ ఎంతైనా ఈ సగటు మారదు. చాలామంది డీవియేషన్‌ని కూడా ఇలాగే కలిపేస్తారు. 20లో 60 శాతం 12, 15లో 40 శాతం 6, మొత్తం 18 అంటారు. రెండూ అచ్చంగా ఒకే తాళంలో కదిలితేనే, అంటే కోరిలేషన్ 1 అయితేనే అది నిజం. ఒకటి పడినప్పుడు ఇంకొకటి పడకపోతే ఆ నష్టంలో కొంత కొట్టుకుపోతుంది. ఎంత కొట్టుకుపోతుందో చెప్పేది కింది సూత్రంలోని చివరి పదం. అందులో w అంటే వాటా, σ అంటే డీవియేషన్, ρ అంటే కోరిలేషన్; 1 ఈక్విటీది, 2 బంగారానిది, p రెండూ కలిపినది.

[తెరపై]
```
σp² = (w1σ1)² + (w2σ2)² + 2ρ(w1σ1)(w2σ2)
    = 12² + 6² + 2 × ρ × 12 × 6
    = 180 + 144ρ
```

ఇక ρ ఒక్కటే మిగిలింది. దాన్ని 0.25 అనుకుంటే 216 వస్తుంది. ఆ 216ని చూసి బెదరకండి, అది వేరియన్స్, అంటే డీవియేషన్ వర్గం. వర్గమూలం తీస్తే 14.7 శాతం. పరీక్షల్లో ఈ వర్గమూలం మర్చిపోతే మార్కులు పోతాయి.

[వ్యాఖ్యాత బోర్డు మీద 14.7 చుట్టూ గీత గీస్తారు]

ఈ 14.7ని బంగారం ఒక్కదాని 15తో పోల్చండి. బంగారం కంటే ఎక్కువ ఊగే ఈక్విటీని 60 శాతం కలిపాం. రాబడి 8 నుంచి 10.4కి పెరిగింది, ఊగిసలాట మాత్రం బంగారం కంటే కాస్త తగ్గింది! ఈ లాభం ρ సుమారు 0.31 దాటనంత వరకే. 180 + 144ρ విలువ 225కి చేరేది అక్కడే, 225 వర్గమూలమే 15.

రాబడులు గంట ఆకారంలో పంచుకుని ఉంటాయని ఒప్పుకుంటే, మూడేళ్లలో సుమారు రెండేళ్లు ఫలితం 10.4కి అటూ ఇటూ 14.7 లోపలే ఉంటుంది. అంటే 43 వేల నష్టం నుంచి 2 లక్షల 51 వేల లాభం దాకా. మిగతా ఏడాదిలో ఇంకా దూరం పోవచ్చు.

మీ జవాబు సరైందో కాదో చూడటానికి ఒక చిట్కా. అది 12 మైనస్ 6, 12 ప్లస్ 6 మధ్యలో, అంటే 6 నుంచి 18 లోపల ఉండాలి. బయటికి పోయిందంటే వర్గమూలం తీయడం మర్చిపోయారో, వాటాలతో గుణించడం వదిలేశారో చూడండి.

[దృశ్యం: ఎక్సెల్ షీట్]

ρని ఎక్సెల్‌లో CORREL ఇస్తుంది. కానీ ధరల కాలమ్‌లు ఇవ్వకండి. పదేళ్లలో రెండూ పెరిగి ఉంటే, నెలనెలా వాటికి సంబంధం లేకున్నా కోరిలేషన్ 0.9 లాంటి అంకె వచ్చేయొచ్చు. ముందు నెలవారీ రాబడుల శాతాలు తీసి, వాటికి వేయండి. నెలవారీ డీవియేషన్‌ని ఏడాదికి మార్చాలంటే 12తో కాదు, √12తో, అంటే 3.46తో గుణించాలి. ఒక నెల రాబడికి ఇంకో నెలతో సంబంధం లేదన్న ఊహ మీద నడిచే లెక్క అది.

ఇంత చేసినా ఆ ρ గడిచిన కాలానిది. 2008 సెప్టెంబరు, అక్టోబరు లాంటి ఆర్థిక సంక్షోభపు రోజుల్లో అమ్మగలిగిందల్లా అమ్మేస్తారు, విడివిడిగా నడిచేవి కలిసి పడతాయి. అందుకే నేనైతే ఒక్క ρతో ఆగను. ఇదే కుటుంబానికి 0.25 బదులు 0.5 వేస్తే 252, వర్గమూలం 15.9. పూర్తిగా 1 వేస్తే 18. ఆ 18 చూసి నిద్ర పట్టనివాళ్లు ఈక్విటీ వాటాను ఇప్పుడే తగ్గించుకోవాలి.