బంగారం అమ్మితే పన్ను ఎంత? రెండేళ్లు ఆగితే మంచిదేనా? - ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. బంగారం ధర పెరిగిన దగ్గర్నుంచి మాకు వస్తున్న కాల్స్‌లో సగం ఒకటే ప్రశ్న: అమ్మితే పన్ను కట్టాలా అని. అందుకే ఈ వారం ఆడిటర్ గారిని స్టూడియోకి పిలిచాం. సార్, ఫోన్లు తీసుకునే ముందు ఒక్క మాటలో లెక్క చెప్పేయండి.

ఆడిటర్: నగ అయినా, కాయిన్ అయినా, బిస్కెట్ అయినా ఒకటే లెక్కండి. కొన్న తేదీ నుంచి 24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు. 24 నెలల లోపే అమ్మితే ఆ లాభం మీ మిగతా ఆదాయంలో కలిసిపోయి, మీ శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. ఇంతకుముందు 36 నెలలు ఉండేది, ధరల పెరుగుదలకి తగ్గట్టు కొన్న ధరని పెంచి లెక్కేసుకునే ఇండెక్సేషన్ కూడా ఉండేది. 2024 జులై 23 నుంచి ఆ రెండూ పోయాయి. గోల్డ్ బాండ్ల లెక్క వేరు, ఎవరైనా అడిగితే చెబుతాను.

వ్యాఖ్యాత: అడుగుతారులెండి. మొదటి కాల్ తెనాలి నుంచి. చెప్పండమ్మా.

కాలర్ (తెనాలి): నమస్తే సార్. మా అమ్మగారి అయిదు కాసుల హారం ఒకటి ఉందండి. ఆవిడ ఎనభైల్లో చేయించుకున్నారు, నా పెళ్లికి నాకు పెట్టారు. ఇప్పుడు మా అమ్మాయి పెళ్లి. దాన్ని షాపులో ఇచ్చేసి గాజులు తీసుకుందామని. అమ్మట్లేదు కదా, మార్చుకుంటున్నాం. దీనికీ పన్నేనా?

ఆడిటర్: పన్నేనమ్మా. డబ్బు మీ చేతికి రాకపోయినా సరే. పాత హారానికి షాపువాళ్లు ఎంత విలువ కట్టి కొత్త బిల్లులో తగ్గిస్తారో, అంతకి మీరు అమ్మినట్టే లెక్క. కొత్త గాజుల మజూరీ, తరుగు, జీఎస్టీ ఇవేవీ ఆ లాభంలోంచి తీసెయ్యడానికి ఉండదు. అవి గాజుల ఖరీదులోకి వెళతాయి, రేపు గాజులు అమ్మినప్పుడు పనికొస్తాయి.

కాలర్ (తెనాలి): మరి కొన్న ధర? అప్పటి బిల్లు ఎక్కడుంటుందండీ! అసలు నేను కొననే లేదు.

ఆడిటర్: అక్కడే మీకు ఒక వెసులుబాటు ఉంది. అమ్మగారు ఇచ్చినప్పుడు మీకు పన్ను లేదు. మీరు అమ్మేటప్పుడు మాత్రం ఆవిడ కొన్న తేదీయే మీ తేదీ, ఆవిడ కొన్న ధరే మీ ధర. కాబట్టి 24 నెలల సంగతి మీరు ఆలోచించక్కర్లేదు. ఇక 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న బంగారం కాబట్టి, అసలు ధర బదులు ఆ రోజున దాని మార్కెట్ విలువ ఎంతో అది తీసుకోవచ్చు. దానికి రిజిస్టర్డ్ వాల్యూయర్ దగ్గర రిపోర్టు రాయించుకోండి. హారం 40 గ్రాములు కదా, ఆయన 2001 నాటి విలువ 15,500 అని రాశారనుకుందాం. షాపువాళ్లు ఇప్పుడు 5 లక్షలు కట్టారనుకుందాం. లాభం 4,84,500. మీకు వేరే ఆదాయం ఏమైనా ఉందా అమ్మా?

కాలర్ (తెనాలి): ఏమీ లేదండి. ఇంట్లోనే ఉంటాను.

ఆడిటర్: అయితే కొత్త పన్ను విధానంలో మొదటి 4 లక్షలకి పన్ను లేదు కదా, ఆ వాటా మీకు ఖాళీగా ఉంది. ఈ లాభాన్ని అందులో సర్దుకోవచ్చు. మిగిలిన 84,500 మీదే 12.5 శాతం. సెస్సుతో కలిపి 10,985 రూపాయలు. అదే మీకు ఉద్యోగం ఉండి ఆ 4 లక్షలూ జీతానికే సరిపోయి ఉంటే, మొత్తం లాభం మీద 62,985 కట్టాల్సి వచ్చేది.

కాలర్ (తెనాలి): అమ్మయ్య. వచ్చే వారమే షాపుకి వెళదామనుకుంటున్నామండి.

ఆడిటర్: వెళ్లే ముందు ఒక పని చేయండి. షాపులో హారం చేతికి తీసుకోగానే రాళ్లు తీసి, కరిగించి, ప్యూరిటీ చూస్తారు. కరిగించాక వాల్యూయర్‌కి చూపించడానికి మీ దగ్గర ఏముంటుంది? కాబట్టి ముందు వాల్యూయర్, తర్వాత షాపు. హారం వేసుకున్న మీ పెళ్లి ఫొటో ఉంటే అది కూడా తీసి పక్కన పెట్టుకోండి, అది 2001కి ముందు నుంచే మీ ఇంట్లో ఉందని చూపించడానికి. షాపువాళ్లు పాత బంగారానికి ఇచ్చే స్లిప్పులో మొత్తం బరువు, రాళ్లు తీశాక బరువు, ప్యూరిటీ, రేటు నాలుగూ విడివిడిగా రాయించుకోండి. ఉత్త అంకె ఒకటి వేసి ఇస్తే తీసుకోకండి.

వ్యాఖ్యాత: సార్, ఒక చిన్న సందేహం. ఆ హారం వాళ్ల ఆయన కొనిచ్చి ఉంటే?

ఆడిటర్: అప్పుడు కథ మారిపోతుంది. భర్త తన డబ్బుతో కొని భార్యకి ఇచ్చిన బంగారం అమ్మితే, ఆ లాభం ఆయన ఆదాయంలోనే కలుస్తుంది. 4 లక్షల ఖాళీ అని ఇప్పుడు చెప్పానే, అది ఆవిడ పేరు మీద రాదు. పుట్టింటివాళ్లు పెట్టిందా, మెట్టినింట్లో కొన్నదా అని నేను అడిగితే చాలామంది నవ్వుతారు. పన్ను లెక్కలో ఆ ప్రశ్న తప్పనిసరి అండి.

వ్యాఖ్యాత: రెండో కాల్, కరీంనగర్ నుంచి. చెప్పండి బాబూ.

కాలర్ (కరీంనగర్): సార్, నేను ప్రైవేటు ఉద్యోగిని. సంవత్సరానికి 9 లక్షల జీతం. పది గ్రాముల కాయిన్లు రెండు కొన్నాను, 1,55,000 అయింది. ఇప్పటికి ఇరవై నెలలైంది. షాపులో అడిగితే 2,75,000 ఇస్తామన్నారు. ఇంకో నాలుగు నెలలు ఆగితే పన్ను తగ్గుతుందని అందరూ అంటున్నారు. డబ్బు అవసరం మాత్రం ఇప్పుడే ఉంది. టెన్షన్‌గా ఉంది సార్.

ఆడిటర్: ఇంకో ఆదాయం ఏమైనా ఉందా? కొత్త విధానంలోనే ఉన్నారా?

కాలర్ (కరీంనగర్): ఏమీ లేదు సార్. కొత్త విధానమే.

ఆడిటర్: అయితే ఇప్పుడే అమ్మేయండి. ఆగితేనే మీకు నష్టం.

కాలర్ (కరీంనగర్): అదెట్లా సార్?

ఆడిటర్: వినండి. 9 లక్షల్లో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీస్తే 8,25,000. ఇప్పుడు అమ్మితే లాభం 1,20,000, అది స్వల్పకాలిక లాభం, మామూలు ఆదాయంలో కలుస్తుంది. మొత్తం 9,45,000. కొత్త విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి పన్ను రిబేటు వస్తుంది కదా, మీ పన్ను సున్నా. అదే 24 నెలలు దాటాక అమ్మారనుకోండి. ఇదే లాభం దీర్ఘకాలికం అవుతుంది, దానికి 12.5 శాతం ప్రత్యేక రేటు. కొత్త విధానంలో ఆ రిబేటు ప్రత్యేక రేటు ఉన్న పన్నుకి వర్తించదు. మీ 4 లక్షల వాటా జీతానికే సరిపోయింది. అంటే 15,000, సెస్సు 600, వెరసి 15,600 కట్టాలి. ఆగి ఆగి పన్ను కట్టినట్టవుతుంది.

వ్యాఖ్యాత: ఇది నేనూ వినలేదు సార్! మరి రెండేళ్లు ఆగమని అందరూ ఎందుకు చెబుతారు?

ఆడిటర్: చెప్పేవాళ్లు ఎక్కువ జీతాల వాళ్లయి ఉంటారు. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి ఇదే 1,20,000 మీద ఇప్పుడైతే 37,440, ఆగితే 15,600. వాళ్లకి ఆగడమే లాభం. కానీ ఆగేవాళ్లు క్యాలెండర్ సరిగ్గా చూసుకోవాలి. 24 నెలలకి మించి ఉండాలి. సరిగ్గా రెండేళ్లు నిండిన రోజున కాదు, ఇంకో రెండు మూడు రోజులు పోనిచ్చి అమ్ముకుంటే గొడవ ఉండదు. షాపుల్లో నెలనెలా స్కీమ్ కట్టి నగ తీసుకున్నవాళ్లు మొదటి వాయిదా తేదీ నుంచి లెక్కపెడుతుంటారు. అది కుదరదు. నగ మీ చేతికి వచ్చిన బిల్లు తేదీ నుంచే లెక్క.

కాలర్ (కరీంనగర్): షాపాయన క్యాష్ ఇస్తానన్నాడు సార్. తీసుకోవచ్చా?

ఆడిటర్: వద్దు. ఒకే అమ్మకానికి 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదు. మీదేమో 2,75,000. బ్యాంకు ఖాతాలో వేయించుకోండి. కొన్న బిల్లు, అమ్మిన బిల్లు రెండూ పెట్టుకోండి. కొన్నప్పుడు కట్టిన 3 శాతం జీఎస్టీ కూడా మీ కొన్న ధరలో భాగమే, దాన్ని వదిలేయకండి.

వ్యాఖ్యాత: ఇక మూడో కాల్, రాజమండ్రి నుంచి. రిటైర్డ్ టీచర్ గారట. చెప్పండి మాస్టారూ.

కాలర్ (రాజమండ్రి): నమస్కారమండి. నా దగ్గర సావరిన్ గోల్డ్ బాండ్లు రెండు రకాలు ఉన్నాయి. కొన్ని బ్యాంకులో ఇష్యూ వచ్చినప్పుడే తీసుకున్నాను. ఇంకో 20 గ్రాములు మా అబ్బాయి డీమ్యాట్‌లో మార్కెట్‌లో కొనిపెట్టాడు నా పేరున, గ్రాము 5,000 చొప్పున, 2022లో. గడువు తీరాక పన్ను లేదని విన్నాను.

ఆడిటర్: మొన్నటిదాకా అలాగే ఉండేది మాస్టారూ. 2026 బడ్జెట్‌లో మార్చారు. 2026 ఏప్రిల్ 1 నుంచి, ఇష్యూలోనే కొని, మధ్యలో చేతులు మారకుండా, గడువు తీరేదాకా ఉంచుకున్న వ్యక్తికే ఆ మినహాయింపు. బ్యాంకులో తీసుకున్న బాండ్లు ఎనిమిదేళ్లూ ఉంచుకోండి, లాభం మీద రూపాయి పన్ను ఉండదు. అయిదేళ్లు నిండాక ఆర్‌బీఐ దగ్గర ముందుగా డబ్బు తీసుకునే అవకాశం ఉంటుంది, కానీ ఈ మార్పు తర్వాత అలా తీసుకుంటే ఆ మినహాయింపు పోతుంది. తొందరపడకండి.

కాలర్ (రాజమండ్రి): మరి మార్కెట్‌లో కొన్నవి?

ఆడిటర్: వాటికి గడువుదాకా ఉంచినా పన్నే. గడువు రోజున గ్రాముకు 13,000 వచ్చిందనుకుందాం. గ్రాముకు 8,000 లాభం, 20 గ్రాములకి 1,60,000. 12.5 శాతం 20,000, సెస్సుతో 20,800. ఎక్స్ఛేంజీలో అమ్మేసినా మీకు ఇదే రేటు. లిస్టెడ్ బాండ్లకి దీర్ఘకాలం అంటే 24 నెలలు కాదు, 12 నెలలే. మీవి అది ఎప్పుడో దాటాయి. కాబట్టి పన్ను కోసం గడువుదాకా ఎదురుచూడాల్సిన పని లేదు. ఎక్స్ఛేంజీలో ధర బంగారం రేటుకి దగ్గరగా ఉందా లేదా చూసుకుని అమ్ముకోండి. చాలా బాండ్లకి అక్కడ కొనేవాళ్లు తక్కువ, తక్కువ ధరకి అడుగుతారు. అలాంటప్పుడు గడువుదాకా ఉండటమే నయం.

కాలర్ (రాజమండ్రి): ఆరు నెలలకోసారి వడ్డీ వస్తోందండి. టీడీఎస్ కోయట్లేదు కదా, చూపించక్కర్లేదనుకున్నాను.

ఆడిటర్: చూపించాలి మాస్టారూ. రెండున్నర శాతం వడ్డీ మీ పెన్షన్‌తో కలిపి శ్లాబు ప్రకారం పన్ను కట్టాల్సిందే. టీడీఎస్ కోయలేదంటే పన్ను లేదని కాదు.

కాలర్ (రాజమండ్రి): నేను ఏటా ఐటీఆర్-1 వేస్తాను. దాంట్లోనే రాసేయొచ్చా?

ఆడిటర్: వడ్డీ వరకైతే రాయొచ్చు. బాండ్లు అమ్మిన ఏడాది మాత్రం అది కుదరదు, ఐటీఆర్-2 వేయాలి. ఒక మంచి సంగతి, మీకు అరవై దాటి, వ్యాపార ఆదాయం లేదు కాబట్టి అడ్వాన్స్ ట్యాక్స్ వాయిదాల బాధ లేదు. ఆ 20,800 రిటర్ను వేసేటప్పుడు ఒకేసారి కట్టేయొచ్చు. అబ్బాయిని డీమ్యాట్ నుంచి 2022 నాటి కొనుగోలు కాంట్రాక్టు నోటు తీసి ఉంచమనండి.

కాలర్ (రాజమండ్రి): ఈ రాత్రికే ఫోన్ చేసి చెబుతానండి.