“అది కాదు, రెండోది” అంటే బాట్ ఏం చెయ్యాలి?

అందరికీ నమస్కారం. ఇవాళ ఒకే ఒక్క సంభాషణ తీసుకుని విప్పి చూద్దాం. ఇది నేను కల్పించిందే. రైలు టికెట్లు బుక్ చేసే చాట్‌బాట్ అనుకోండి.

“రేపు హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి బండ్లేమున్నాయి?” అని ఒకాయన అడిగాడు. బాట్ వరసగా మూడు చూపించింది: గోదావరి, గరీబ్ రథ్, విశాఖ. “గోదావరిలో, విశాఖలో స్లీపర్ దొరుకుతుందా?” అన్నాడు. రెంటిలోనూ ఉందంది. “సరే, స్లీపర్ ఇద్దరికి బుక్ చెయ్యి.” వెంటనే బాట్ “గోదావరి, స్లీపర్, ఇద్దరికి, రేపు. డబ్బు కట్టండి” అంది. ఆయన “అబ్బే, అది కాదు, రెండోది” అన్నాడు.

జాబితాలో రెండోది గరీబ్ రథ్. కానీ ఈ మాట విన్న మీలో ఎవరూ గరీబ్ రథ్ అనుకుని ఉండరు. ఆయన ఆఖరున పక్కపక్కన పెట్టి చూసినవి గోదావరి, విశాఖ మాత్రమే. అందులో ఒకటి కాదంటే మిగిలింది విశాఖ. మనకు ఇది క్షణంలో తెలిసిపోతుంది. బాట్‌కు తెలియాలంటే మనం ముందే కొన్ని రాసి పెట్టుకోవాలి.

జనం మాట్లాడుకునే తీరును రికార్డు చేసి పరిశీలించిన ఇమాన్యుయెల్ షెగ్లాఫ్ 1992లో ఇలాంటి దిద్దుబాటు మీద పెద్ద వ్యాసం రాశారు. నేనో మాట అంటాను, మీరు జవాబిస్తారు, ఆ జవాబు విన్నాకే మీరు నన్ను తప్పుగా అర్థం చేసుకున్నారని నాకు తెలుస్తుంది. అప్పుడు మూడో మాటగా “నేనన్నది అది కాదు” అంటాను. అంటే మన ప్రయాణికుడు దిద్దుతున్నది బాట్ వాక్యాన్ని కాదు, “బుక్ చెయ్యి” అన్న తన మాటను బాట్ తీసుకున్న తీరును. కాబట్టి బాట్ “కాదు, రెండోది” అన్న ముక్కనే పట్టుకుని కూర్చోకుండా ఆ పాత మాట దగ్గరికి వెళ్లి, దాన్ని మళ్లీ చదవాలి.

చదివేటప్పుడు ఏది మార్చాలి? నా లెక్కలో అసలు కిటుకు ఇక్కడే ఉంది. ప్రతి వివరం పక్కన, అది ఎవరు చెప్పారో కూడా రాసుకోవాలి.

```
train: godavari   source: bot
class: SL         source: user
count: 2          source: user
date:  tomorrow   source: user
```

స్లీపర్, ఇద్దరు, రేపు అన్నవి ఆయన నోటితో చెప్పినవి. గోదావరి మాత్రం బాట్ ఊహించుకున్నది. పొరపాటు ఊహించిన చోటే ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి ముందు అనుమానించాల్సింది బండినే, తేదీనీ మనుషుల సంఖ్యనూ కాదు.

తర్వాత, మాటల్లో వచ్చిన ఎంపికల గుంపుల్ని కొత్తదాని నుంచి పాతదానికి వెతకాలి. కొత్త గుంపులోంచి కాదన్నది తీసేస్తే ఒక్కటే మిగిలిందా, అదే. ఇంకా రెండు మిగిలితే, “విశాఖా, గరీబ్ రథా?” అని ఆ రెంటినే అడగాలి. మళ్లీ మొత్తం జాబితా పరిస్తే మనిషికి ఒళ్లు మండుతుంది.

మార్చిన విలువ మిగతావాటితో కుదురుతోందో లేదో కూడా చూడాలి. పొరపాటున బాట్ గరీబ్ రథ్ ఎంచుకుందనుకోండి, అందులో అన్నీ ఏసీ బోగీలే, స్లీపర్ లేదు. ఈ పొంతన లేకపోవడమే ఒక ఆధారం: స్లీపర్ కావాలన్న మనిషి “రెండోది” అంటే గరీబ్ రథ్ అయ్యే అవకాశం తక్కువ. స్లీపర్‌ను చెప్పకుండా ఏసీగా మార్చేసి బుక్ చేసే బాట్లంటే నాకు భయం.

కాదన్నదాన్ని గుర్తు పెట్టుకోవాలి కూడా. లేకపోతే రెండోసారి “కాదు” అనగానే బాట్ మళ్లీ గోదావరి దగ్గరికే వస్తుంది. అలాగని శాశ్వతంగా చెరిపేయకూడదు. కాసేపాగి ఆయనే “గోదావరి ఛార్జీ ఎంత?” అని అడగొచ్చు.

మాటల చరిత్రంతా పెద్ద భాషా మోడల్‌కు ఇచ్చేస్తే ఇదంతా అదే చూసుకుంటుంది కదా అంటారా? చాలాసార్లు చూసుకుంటుంది. సంభాషణ పొడవై, పాత భాగాన్ని సారాంశంగా కుదించినప్పుడు తంటా వస్తుంది. సారాంశంలో “గోదావరి ఎంచుకున్నారు” అని ఉంటుంది, పోల్చి చూసిన విశాఖ మాయమవుతుంది. ఇక “రెండోది” దేనికి తగలాలి? అందుకే ఎంపికల గుంపుల్ని సారాంశానికి వదలకుండా విడిగా దాచమంటాను.

మీ బాట్ ఎలా ఉందో లాగ్‌లలో ఇలా చూడండి. “కాదు” తర్వాత వచ్చిన జవాబులో ఎన్ని వివరాలు మారాయి? ఏదీ మారకపోతే, “క్షమించండి” అని పాత జవాబే ఇచ్చినట్టు. ఈ సందర్భంలోలా ఒక్కటి మారడం మామూలుగా మంచి గుర్తు. మూడు నాలుగు మారితే, చెప్పనివాటిలోనూ వేలు పెట్టినట్టు. ఆ వెంటనే మళ్లీ “కాదు” వచ్చిందేమో కూడా చూడండి.

ఒక్క హద్దుంది. డబ్బు కట్టాక “అది కాదు” అంటే, బాట్ ఎంత సరిగ్గా విశాఖ అని పట్టుకున్నా లాభం లేదు, టికెట్ రద్దు చేసుకోవాలి, రద్దు ఛార్జీ పోతుంది. కాబట్టి ఊహించిన వివరం ఏదైనా ఉంటే, “గోదావరి అనుకుంటున్నాను, సరేనా?” అన్న ప్రశ్న డబ్బు కట్టే పేజీకి ముందే రావాలి.