మీ ఫ్యాకల్టీ ప్రొఫైల్‌ని చదివినవాళ్లు మీకు మెయిల్ పెట్టాలంటే

[స్క్రీన్ మీద: యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఒక ఫ్యాకల్టీ పేజీ]

నమస్తే. కాకుటూరులో విక్రమ సింహపురి, ఒంగోలులో ఆంధ్రకేసరి లాంటి యూనివర్సిటీల్లో పరిశోధన చేసేవాళ్ల కోసం ఈ వీడియో. ఉదాహరణకు నేనే ఒక ప్రొఫైల్ రాశాను. జువాలజీ అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒకావిడ నెల్లూరు తీరంలో రొయ్యల జబ్బుల మీద పని చేస్తున్నారు అనుకుందాం. పాత ప్రొఫైల్ ఇలా ఉంది:

[స్క్రీన్ మీద పాత ప్రొఫైల్]
"నేను జువాలజీలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేశాను. రొయ్యల జబ్బులు, నీటి నాణ్యత, జీవవైవిధ్యం నా ఆసక్తులు. పలు సెమినార్లలో పాల్గొన్నాను. కలిసి పనిచేయడానికి ఎవరు ముందుకొచ్చినా స్వాగతం."

ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆవిడ ఇప్పుడు ఏ ప్రశ్న వెంట పడ్డారో ఎక్కడా లేదు. పక్క జిల్లా హేచరీ వాళ్లు గానీ, ఇంకో ఊళ్లోని ల్యాబ్ వాళ్లు గానీ దీన్ని చదివి ఆవిడకు ఏమని రాయాలి?

ముందు ప్రథమ పురుషలోకి మారుద్దాం. ఈ పేజీని సెమినార్ నిర్వాహకులు పరిచయం కోసం, విలేకరులు వార్త కోసం, సహ పరిశోధకులు ప్రాజెక్ట్ ప్రపోజల్ కోసం ఉన్నదున్నట్టు తీసుకుంటారు. "నేను" అని ఉంటే వాళ్లు తిరగరాయాలి, ఆ తిరగరాతలో తప్పులు దొర్లుతాయి. అలాగని "నేను" తీసేసి "ఆమె" పెడితే పని అయిపోదు. పేరు పక్కన "గారు" వద్దు, "పరిశోధిస్తున్నారు" అనే క్రియలోనే మర్యాద ఉంది. "ప్రఖ్యాత", "విశిష్ట" లాంటి మాటలు కూడా తీసేయండి. మన పేజీ మనమే రాసుకుంటామని అందరికీ తెలుసు. గైడ్ ప్రస్తావన వచ్చాక "ఆమె" అని మొదలుపెడితే ఎవరి గురించో తెలియదు, అక్కడ పేరు మళ్లీ రాయాలి.

[స్క్రీన్ మీద కొత్త ప్రొఫైల్, మొదటి భాగం]
"డాక్టర్ (పేరు) జువాలజీ అసిస్టెంట్ ప్రొఫెసర్. వెనామీ రొయ్యల్లో ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి ఒక పంట నుంచి తర్వాతి పంటకు ఎలా చేరుతుందో పరిశోధిస్తున్నారు. ఇది సోకిన రొయ్య సాధారణంగా వెంటనే చావదు, ఎదుగుదల మందగిస్తుంది. 2024 నుంచి ఇందుకూరుపేట, విడవలూరు మండలాల చెరువుల్లో రొయ్యలు, అడుగుమట్టి సేకరించి పీసీఆర్‌తో పరీక్షిస్తున్నారు."

చూడండి, "రొయ్యల జబ్బులు" పోయి ఒక ప్రశ్న వచ్చింది. మేత తింటున్నా రొయ్య ఎదగక కౌంట్ రావడం లేదని తలపట్టుకున్న రైతుకి కూడా ఇది తన సమస్యేనని అర్థమవుతుంది. "ప్రస్తుతం" అని రాయకుండా "2024 నుంచి" అన్నాం. మూడేళ్ల తర్వాత కూడా "ప్రస్తుతం" అక్కడే ఉంటే చదివేవాళ్లకు అది ఎప్పటి మాటో తెలియదు. డిగ్రీలు చివర్లో ఒక్క వాక్యం చాలు. పేపర్ల జాబితా ఇక్కడ వద్దు, ఓఆర్‌సీఐడీ లింక్ ఇస్తే అక్కడ చూసుకుంటారు.

ఇక కలిసి పనిచేయడం గురించి. నా దృష్టిలో పేజీ మొత్తంలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. "స్వాగతం" అనే మాటకి జవాబు రాయడం ఎవరికైనా కష్టం. మన దగ్గర ఏముంది, ఏం లేదు, ఎవరు కావాలి అనేవి మూడూ చెప్పాలి.

[స్క్రీన్ మీద రెండో భాగం]
"చెరువుల నుంచి నమూనాల సేకరణ, పీసీఆర్ పరీక్షలు డాక్టర్ (పేరు) బృందం చేయగలదు. రొయ్య హెపటోపాంక్రియాస్ కణజాలాన్ని కోసి స్లైడ్ మీద పరీక్షించే హిస్టాలజీ ల్యాబ్‌లతో, చెరువుల డేటాను విశ్లేషించగల స్టాటిస్టిక్స్ పరిశోధకులతో కలిసి పనిచేయాలనుకుంటున్నారు. తల్లి రొయ్యల్ని, పిల్లల్ని పరీక్షించుకోవాలనుకునే హేచరీలు కూడా సంప్రదించవచ్చు."

హిస్టాలజీ లేదని ఒప్పుకోవడం చిన్నతనం కాదు. పీసీఆర్ పరాన్నజీవి డీఎన్‌ఏ ఉందో లేదో చెబుతుంది, కణజాలం ఎంత దెబ్బతిన్నదో చూడాలంటే స్లైడ్ కావాలి. ఆ ఖాళీ కనిపిస్తేనే ఆ పని చేసే ల్యాబ్ వాళ్లకు తమ అవసరం తెలుస్తుంది.

ఆఖరి వాక్యంతో మాత్రం జాగ్రత్త. హేచరీల్ని పిలిచాక రోజూ శాంపిల్ డబ్బాలు వస్తే పరీక్షించే కిట్లు, మనుషులు ఉన్నారా? లేకపోతే "ముందుగా మెయిల్ చేసి" అని చేర్చండి, లేదా ఆ వాక్యమే తీసేయండి. రైతుల పేర్లు, చెరువుల గుర్తులు, ప్రచురించని ఫలితాలు పేజీలో పెట్టొద్దు. ఫలానా చెరువులో జబ్బుందని బయటికొస్తే ఆ రైతు సరుకు ధర పడిపోవచ్చు, రేపు మీకు శాంపిల్ కూడా ఇవ్వరు. అందుకే మండలం పేరు దగ్గరే ఆగాం.

[స్క్రీన్ మీద పూర్తి ప్రొఫైల్]

వెబ్‌సైట్‌లో ఇంగ్లిష్‌లో పెట్టినా ఇదే వరస. అప్‌లోడ్ చేసే ముందు మీ డిపార్ట్‌మెంట్ కాని ఒకరికి చదివి వినిపించి, "నాకు మెయిల్ రాయాలంటే ఏం అడుగుతావు?" అనండి. "హిస్టాలజీ మేం చేసిపెడతాం, ఎన్ని శాంపిల్స్ ఉంటాయి?" లాంటి ప్రశ్న వస్తే పేజీ పెట్టేయొచ్చు. "మీ పని గురించి ఇంకొంచెం చెప్పండి" అంటే మొదటి భాగం మళ్లీ రాయాల్సిందే.